ఫార్మాట్ తప్పకూడదంటే రూల్స్ తగ్గించి ఉదాహరణలు పెట్టండి

ప్రశ్న: కస్టమర్ల మెసేజ్‌లను చాట్‌బాట్‌తో వర్గీకరిస్తున్నాను. ఏ ఫార్మాట్‌లో కావాలో ఎంత వివరంగా రాసినా ఒక్కోసారి ఒక్కోలా ఇస్తోంది. ఉదాహరణలు పెట్టమంటున్నారు. ఎన్ని పెట్టాలి, ఎలాంటివి పెట్టాలి?

మూడుతో మొదలుపెట్టండి. అయితే అసలు సంగతి లెక్కలో లేదు, ఏ మూడు అన్నదాంట్లో ఉంది. చాలామంది మూడూ ఒకే రకానివి పెడతారు. శుభ్రంగా రాసిన మెసేజ్, అందులో అన్ని వివరాలూ ఉంటాయి, జవాబు చక్కగా కుదురుతుంది. అలాంటి మెసేజ్‌లతో చాట్‌బాట్ వెనకున్న మోడల్ ఎలాగూ పెద్దగా తప్పు చేయదు. అది తడబడేది వివరం లేనప్పుడు, లేదా ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉన్నప్పుడు. ఉదాహరణలు చూపించాల్సింది అక్కడ.

మీకు వర్గం, తొందర, ఆర్డర్ నంబర్ అని మూడు లైన్లు కావాలనుకుందాం. అప్పుడు మోడల్‌కు రాసే సూచనల్లో, అంటే ప్రాంప్ట్‌లో, ఇలా పెట్టండి:

```
సందేశం: నిన్న వచ్చిన ఛార్జర్ పనిచేయట్లేదు. ఆర్డర్ 48213
వర్గం: లోపం
తొందర: ఎక్కువ
ఆర్డర్: 48213
###
సందేశం: యాప్‌లో అడ్రస్ మార్చడం ఎలాగండీ
వర్గం: ఇతరం
తొందర: తక్కువ
ఆర్డర్: లేదు
###
సందేశం: 90576 కి 90581 కి రెండిటికీ డబ్బులు రెండేసి సార్లు కట్ అయ్యాయి!!
వర్గం: చెల్లింపు
తొందర: ఎక్కువ
ఆర్డర్: 90576, 90581
```

ఇందులో ఎక్కువ పని చేసేది రెండో ఉదాహరణ. అది తీసేసి, నంబర్ లేని మెసేజ్‌లు ఓ పది పంపి చూడండి. ఒకదానికి "తెలియదు" అని, ఇంకోదానికి "పేర్కొనలేదు" అని రావచ్చు, మరోదానికి ఆ లైనే ఉండకపోవచ్చు. అంతకంటే ప్రమాదం, ఉదాహరణలోని 48213నే ఎత్తి అక్కడ పెట్టేయడం. ఆర్డర్ లైన్‌లో ఎప్పుడూ అంకెలే కనిపిస్తే, అక్కడ అంకెలు ఉండి తీరాలని మోడల్ నేర్చుకుంటుంది. జవాబు చూడటానికి పద్ధతిగానే ఉంటుంది కాబట్టి ఈ తప్పు కంటికి ఆనదు. అందుకే ఉదాహరణల్లోని నంబర్లను గుర్తుంచుకుని, వచ్చిన జవాబుల్లో వాటికోసం వెతకండి.

మూడో ఉదాహరణలో ఆశ్చర్యార్థకాలు, తొందరగా కొట్టిన మాటలు కావాలనే ఉంచాను. ఉదాహరణలోని మెసేజ్ మీకు నిజంగా వచ్చే మెసేజ్‌లా ఉండాలి. వరస కూడా ముఖ్యమే. చివర చూసినదాని వైపు, ఎక్కువసార్లు చూసినదాని వైపు మోడల్ మొగ్గుతుంది. దీన్ని 2021లో పరిశోధకులు జీపీటీ-3 మీద కొలిచి చూపించారు. కొత్త మోడళ్లలో ఇది తగ్గినా, మూడింటికీ "ఎక్కువ" అనే పెట్టి తర్వాత "అన్నీ తొందరవే అంటోంది" అని బాధపడటంలో అర్థం లేదు.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఇంకోటుంది. ఫార్మాట్ తప్పిన ప్రతిసారీ ప్రాంప్ట్‌లో "తప్పనిసరిగా", "ఎట్టి పరిస్థితుల్లోనూ" అని ఒక్కో రూల్ చేర్చుకుంటూ పోతారు. రూల్ ఒకటి చెబుతుంది, ఉదాహరణ ఇంకోటి చూపిస్తుంది. అలా గొడవపడినప్పుడు మోడల్ ఏ వైపు వెళ్తుందో చెప్పలేం, చాలాసార్లు ఉదాహరణనే అనుసరిస్తుంది. కాబట్టి ముందు ఉదాహరణలను అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఒకచోట కోలన్ తర్వాత ఖాళీ ఉండి ఇంకోచోట లేకపోయినా, ఒకచోట "లేదు" అని ఇంకోచోట "లేదు." అని ఉన్నా, ఆ రెండు రూపాలూ జవాబుల్లోకి రావచ్చు.

ఎవరూ అనుమానించని చోటు ఒకటి మిగిలింది. ఒకే చాట్‌లో మెసేజ్ తర్వాత మెసేజ్ పంపుతుంటే, మోడల్ ఇచ్చిన పాత జవాబులు కూడా దానికి ఉదాహరణలే. పదిహేనో జవాబును మోడల్ "తప్పకుండా, ఇదిగో" అని మొదలుపెడితే, మీరు దాన్ని అలాగే వదిలేస్తే, పదహారోది కూడా అలాగే మొదలయ్యే అవకాశం బాగా పెరుగుతుంది. "మొదట్లో బాగానే ఇచ్చింది, పోనుపోను చెడిపోయింది" అనే ఫిర్యాదుకు తరచూ కారణం ఇదే. ప్రతి మెసేజ్‌నీ కొత్త సంభాషణగా, అవే మూడు ఉదాహరణలతో పంపండి. కోడ్ నుంచి, అంటే ఏపీఐతో, మోడల్‌ను వాడేవారైతే ఒక్కో ఉదాహరణలోని సందేశాన్ని `user` వంతుగా, మూడు లైన్ల జవాబును `assistant` వంతుగా పెట్టొచ్చు. అప్పుడు ఉదాహరణలను విడదీసే `###` గుర్తులతో పని లేదు.

తర్వాత ఓ ముప్పై నిజమైన మెసేజ్‌లు పంపి, జవాబులను చిన్న స్క్రిప్ట్‌తో తనిఖీ చేయండి. సరిగ్గా మూడు లైన్లున్నాయా, వర్గం మీ జాబితాలోదేనా, ఆర్డర్ లైన్‌లో నంబర్ ఉంటే అది ఆ మెసేజ్‌లో నిజంగా ఉందా అన్నవి చాలు. ఏదైనా తప్పితే, ఆ మెసేజ్ ఏ రకందో చూసి అలాంటి ఉదాహరణ ఒక్కటే చేర్చండి. మామూలుగా కొద్ది ఉదాహరణలతోనే ఆగిపోతుంది. మాటల ఎంపికలో మోడల్ ఎంత అటూఇటూ పోవచ్చో చెప్పే `temperature` సెట్టింగ్‌ను సున్నా చేస్తే ఒకే మెసేజ్‌కి వచ్చే తేడాలు తగ్గుతాయి గానీ, ఉదాహరణలు చూపించని సందర్భానికి మోడల్ తనకు తోచిందే రాస్తుంది.