స్క్రూటినీ ముగిసిన పాత సంవత్సరాన్ని తిరగదోడుతూ నోటీసు వస్తే

ప్రశ్న: 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరానికి ఆదాయపు పన్ను స్క్రూటినీ పూర్తయి ఆర్డరు కూడా వచ్చింది. ఇప్పుడు స్థలం అమ్మకం మీద నేను తీసుకున్న మినహాయింపు గురించి, కేసు ఎందుకు మళ్లీ తెరవకూడదో చెప్పమంటూ 148ఎ నోటీసు పంపారు. ముందు రిటర్ను వేసి, కేసు తెరవడానికి అధికారి నమోదు చేసిన కారణాలు అడిగి, ఆ తర్వాత అభ్యంతరాలు ఇవ్వాలని ఒకరు చెప్పారు. అలాగే చేయాలా?

జవాబు: అలా చేయకండి. ఆ వరుస, కేసును తిరిగి తెరుస్తూ 2021 మార్చి 31 వరకు జారీ అయిన 148 నోటీసులది. జీకేఎన్ డ్రైవ్‌షాఫ్ట్స్ కేసులో సుప్రీంకోర్టు 2002లో నిర్దేశించిన ఆ పద్ధతిలో, రిటర్ను వేశాక మనం అడిగితే అధికారి కారణాలు ఇవ్వాలి, మన అభ్యంతరాలను కారణాలతో కూడిన ఉత్తర్వు ద్వారా పరిష్కరించాలి, ఆ తర్వాతే అసెస్‌మెంట్ మొదలుపెట్టాలి. ఇప్పుడు 148ఎ నోటీసుతోపాటే సమాచారం ఇస్తారు, అభ్యంతరాలు అక్కడే చెప్పాలి, దాని మీద ఉత్తర్వు వచ్చాకే 148 నోటీసు, రిటర్ను. వరుస తారుమారైంది గానీ అభ్యంతరం రాసే పని పెద్దగా మారలేదు కాబట్టి నా కేసు వివరంగా చెబుతాను.

2012-13 అసెస్‌మెంట్ సంవత్సరంలో నేను స్థలం అమ్మి, ఆ డబ్బుతో ఇల్లు కట్టుకుని 54ఎఫ్ కింద మినహాయింపు కోరాను. స్క్రూటినీలో అధికారి ప్రశ్నావళి పంపి, అమ్మకం నాటికి నాకున్న ఇళ్ల వివరాలు ప్రత్యేకంగా అడిగారు. దస్తావేజులతో సహా జవాబిచ్చాను. 2015లో స్క్రూటినీ ముగిస్తూ ఇచ్చిన 143(3) ఆర్డరులో మినహాయింపును అనుమతించారు. ఆరేళ్ల గడువు ముగుస్తుండగా 2019 మార్చి చివర్లో 148 నోటీసు వచ్చింది. పాత లెక్కలతోనే రిటర్ను వేసి, నమోదు చేసిన కారణాలనూ, 151 కింద పైఅధికారి ఇచ్చిన అనుమతి ప్రతినీ ఒకే లేఖలో అడిగాను.

కారణాల కాగితం "రికార్డులను పరిశీలించగా" అన్న మాటలతో మొదలై, అమ్మకం నాటికి నాకు ఒకటికి మించి ఇళ్లున్నాయని, అందువల్ల మినహాయింపు పొరపాటున ఇచ్చారని ముగిసింది. బయటి నుంచి కొత్తగా వచ్చిన సమాచారం ఒక్కటీ అందులో లేదు. ఏ వాస్తవాన్ని నేను దాచానో కూడా లేదు. స్క్రూటినీ జరిగిన కేసును నాలుగేళ్లు దాటాక తెరవాలంటే, పన్ను చెల్లింపుదారు ముఖ్యమైన వాస్తవాలను పూర్తిగా, నిజాయితీగా వెల్లడించకపోయి ఉండాలన్నది అప్పటి 147వ సెక్షన్ షరతు. నా అభ్యంతరాల లేఖ ఈ రెండు లోపాల మీదే నడిచింది. ప్రశ్నావళిలోని ప్రశ్న, నా జవాబు, దానికి జతచేసిన దస్తావేజు పేజీలను వరుసగా జోడించి, అదే విషయాన్ని మళ్లీ తేల్చడం అభిప్రాయ మార్పే తప్ప మరొకటి కాదని, కెల్వినేటర్ కేసులో 2010లో సుప్రీంకోర్టు దాన్ని అనుమతించలేదని రాశాను. మినహాయింపు న్యాయమైనదేనన్న వాదనను రెండు వాక్యాలకు మించి పెంచలేదు, ఎందుకంటే ఆ దశలో ప్రశ్న పన్ను ఎంత అన్నది కాదు, కేసు తెరిచే అధికారం ఉందా అన్నది.

అధికారి నా జవాబుల ప్రస్తావనే లేకుండా, అభ్యంతరాలు ఆమోదయోగ్యం కాదని క్లుప్తంగా తోసిపుచ్చారు. ఆ ఉత్తర్వు మీద అప్పీలు లేదు గనుక హైకోర్టులో రిట్ వేశాను. కారణాలను నమోదు చేసినట్టే చదవాలి తప్ప తర్వాత కౌంటరు అఫిడవిట్‌లో వాటికి కొత్త మాటలు చేర్చరాదన్న సూత్రం అక్కడ బాగా పనికొచ్చింది. నోటీసును కొట్టేశారు.

ఇప్పుడు మీ కేసు. నాలుగేళ్ల షరతు 2021 సవరణతో పోయింది, దాని మీద ఆధారపడకండి. ఆడిట్ అభ్యంతరం కూడా ఇప్పుడు సమాచారం కిందికే వస్తుంది కాబట్టి, "కొత్తదేమీ లేదు" అని ఊరికే అంటే చాలదు. మీరు ముందు చూడాల్సింది గడువు. సంబంధిత అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక మూడేళ్లు దాటితే, తప్పించుకున్న ఆదాయం 50 లక్షలు లేదా అంతకు మించితేనే 148ఎ నోటీసు ఇవ్వగలరు. అమ్మకం ధర 50 లక్షలు దాటిందని నోటీసులో చూపి ఉంటే, మినహాయింపు మొత్తం తీసేసినా పన్ను పడే లాభం ఎంతో లెక్కకట్టి చూపించండి. అది 50 లక్షలకు తగ్గితే అదే మీ మొదటి అభ్యంతరం.

అభిప్రాయ మార్పు వాదన దాని తర్వాతిది. స్క్రూటినీలో ఈ మినహాయింపు గురించి అడిగారని చూపగలిగితేనే అది నిలుస్తుంది. స్క్రూటినీ లేకుండా 143(1) కింద రిటర్ను ప్రాసెసింగ్ మాత్రమే జరిగిన వారికి అది దక్కదు. ఈ-ప్రొసీడింగ్స్‌లోంచి పాత ప్రశ్నావళిని, మీ జవాబులను ఇప్పుడే దించుకోండి.

నోటీసులో ప్రస్తావించిన పత్రం జతచేయకపోతే, దాన్నీ అదనపు గడువునూ పోర్టల్‌లోనే రాతపూర్వకంగా అడగండి. కానీ అది వచ్చేదాకా ఆగకుండా, చేతిలో ఉన్న ఆధారాలతో చెప్పిన తేదీలోపే జవాబు వేసి రసీదు దాచుకోండి, జవాబు రాలేదన్న ఒక్క వాక్యంతో, కేసు తెరవాలని 148ఎ(3) ఉత్తర్వు ఇచ్చే అవకాశం వారికి ఇవ్వకండి.