బరంపురంలో ఇల్లు చూపించే రోజు: గుమ్మం దగ్గర పుస్తకంతో మొదలుపెట్టండి

"బరంపురం అంబపువాలో మా ఇల్లు అమ్మకానికి పెట్టాం. ఇద్దరు బ్రోకర్లకు చెప్పాం, మా నంబర్ కూడా ఇచ్చాం. అందరూ ఈ ఆదివారమే వస్తామంటున్నారు. మేం ఆ ఇంట్లోనే ఉంటున్నాం. ఎవరికి ఏ టైం ఇవ్వాలి? ఎవరొచ్చారో ఎలా రాసుకోవాలి? తర్వాత ఫోన్లు ఎప్పుడు చెయ్యాలి? చాలా టెన్షన్‌గా ఉంది."

గాంధీనగర్‌లో మా అత్తగారి ఇల్లు అమ్మినప్పుడు చూపించే పనంతా నేనే చూసుకున్నాను. మీకు ఇద్దరు బ్రోకర్లున్నారు కాబట్టి అన్నిటికంటే ముందు ఒక పుస్తకం కొనండి. ఎందుకో కింద చెబుతాను.

ముందు టైం సంగతి. ఇల్లు చూడటానికి ఎవరూ ఒంటరిగా రారు. భార్యాభర్తలు, పెద్దవాళ్లు, పిల్లలు, ఒక్కోసారి వాస్తు చూసే ఆయన కూడా వస్తారు. అందుకే కుటుంబానికి 40 నిమిషాలు పెట్టుకోండి. చూడటానికి పాతిక నిమిషాలు సరిపోతాయి, మిగతాది ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం. ఉదయం 8 నుంచి 11:20 దాకా ఐదు కుటుంబాలు, మధ్యాహ్నం 3 నుంచి 4:20 దాకా రెండు. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. మీకు పట్టింపు లేకపోయినా కొనేవాళ్లలో చాలామందికి ఉంటుంది, ఆ టైం ఇస్తే వస్తామని చెప్పి రారు. శనివారం సాయంత్రం అందరికీ ఫోన్ చేసి ఎంతమంది వస్తున్నారో అడగండి. ఎత్తనివాళ్లకు మెసేజ్ పెట్టండి, రాత్రికి జవాబు రాకపోతే ఆ టైం ఇంకొకరికి ఇచ్చేయండి.

ఇక పుస్తకం. వరండాలో చిన్న టేబుల్ వేసి, ఇంట్లో ఒకరు అక్కడే కూర్చోవాలి. పేరు, ఫోన్ నంబర్, ఎంతమంది వచ్చారు, ఎవరి ద్వారా వచ్చారు, వచ్చిన టైం, వెళ్లిన టైం, చివర్లో సంతకం. రాయడం మీరే రాయండి. కొందరు ఒడియాలో, కొందరు తెలుగులో, కొందరు గొలుసుకట్టు ఇంగ్లీషులో రాస్తే సోమవారం ఎవరి పేరూ చదవలేరు. నంబర్ రాయగానే అక్కడే ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి, ఒక అంకె తప్పినా అప్పుడే తెలిసిపోతుంది. ఆధార్ జిరాక్స్ మాత్రం అడగకండి. ఇల్లు చూడటానికి అది అవసరం లేదు, దాచే బాధ్యత మీ మీద పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం "ఎవరి ద్వారా" అనే గడి. మా దగ్గర ఒక లెక్చరర్ దంపతులు ఉదయం ఒక బ్రోకర్‌తో వచ్చి చూసి వెళ్లారు. కొన్నాళ్లకు ఇంకో బ్రోకర్ అదే దంపతుల తరఫున బేరం మాట్లాడి, కమిషన్ తనదేనన్నాడు. పుస్తకంలో మొదటి బ్రోకర్ పేరు, ఉదయం 9:20 టైం, ఆ భర్తగారి సంతకం ఉన్నాయి. ఆ పేజీ చూపించాక గొడవ ఆగిపోయింది. అది లేకపోతే ఇద్దరికీ కమిషన్ ఇచ్చుకోవాల్సి వచ్చేది. మొదట తీసుకొచ్చినవాళ్లకే కమిషన్ అని బ్రోకర్లిద్దరికీ శనివారమే చెప్పేయండి.

ఇంట్లో ఉంటూ చూపించేటప్పుడు బంగారం, బీరువా తాళాలు, మందులు, బయట వదిలేసిన ఫోన్లు ముందురోజే ఒక గదిలో పెట్టి తాళం వెయ్యండి. ఆ గదిని చివర్లో మీరే తెరిచి చూపించండి. వచ్చినవాళ్లంతా ఒక గుంపుగానే తిరగాలి. ఒకరు మేడమీదికి, ఒకరు వంటింట్లోకి వెళ్తే మీ కళ్లు చాలవు. ఒకరు టేబుల్ దగ్గర, ఒకరు వాళ్లతో, అంటే కనీసం ఇద్దరుండాలి. ఆడవాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరికీ చూపించొద్దు. సంపు మూత, మేడమీద పిట్టగోడ ఒకసారి చూసుకోండి, పిల్లలు నేరుగా అక్కడికే పరిగెడతారు. పట్టా, దస్తావేజు ఒరిజినల్స్ బయటకు తియ్యొద్దు. ఖాతా నంబర్, ప్లాట్ నంబర్ కాగితం మీద రాసిస్తే భూలేఖ్ సైట్‌లో వాళ్లే చూసుకుంటారు.

ఫోన్లు ఆదివారం రాత్రి చెయ్యొద్దు, వాళ్లింట్లో చర్చ ఇంకా అయ్యుండదు. సోమవారం సాయంత్రం ఆరు దాటాక చెయ్యండి. "తీసుకుంటారా?" అని కాకుండా "ఇంట్లో ఏది నచ్చలేదండీ?" అని అడగండి. మాకు ముగ్గురు ఒకే మాట చెప్పారు, కారు లోపలికి రాదని. గేటు వెడల్పు చేయించాక బేరం కదిలింది. వేరేవాళ్లు ఎంత ఇస్తామన్నారో మాత్రం ఎవరికీ చెప్పకండి. రెండోసారి చూస్తామంటే మేస్త్రీనో ఇంజనీరునో వెంట తెచ్చుకోమనండి, అది నిజంగా కొనేవాళ్ల లక్షణం. రెండుసార్లు ఫోన్ చేసినా జవాబు లేకపోతే ఆ పేరు పక్కన గీత పెట్టేయండి.

ఎవరైనా వెంటనే అడ్వాన్స్ చేతిలో పెడతామంటే ఆగండి. స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. బ్యాంకు ద్వారానే తీసుకుని, మొత్తం ధర, మిగతా డబ్బు ఇవ్వాల్సిన గడువు రసీదులో రాసివ్వండి.