ఐ-20లో పేరు తప్పు, యూనివర్సిటీ నుంచి జవాబు లేదు

ప్రశ్న: సార్, మా అమ్మాయికి టెక్సాస్‌లో ఎంఎస్ సీటు వచ్చింది, వీసా కోసం యూనివర్సిటీ ఐ-20 పత్రం పంపింది. ఐ-20లో పేరు, ఇంటిపేరు తారుమారయ్యాయి. జూలై 14న హైదరాబాద్‌లో వీసా ఇంటర్వ్యూ. జూన్ 30న మెయిల్ పెట్టాం, ఈరోజు 3వ తేదీ, జవాబు లేదు. పెద్ద అక్షరాలతో అర్జెంట్ అని పెట్టి మళ్లీ పంపాలా? లేక అమ్మాయిని బిజినెస్ ఇంగ్లిష్ కోర్సులో చేర్చాలా? ఏది మంచిది? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు టెన్షన్ సంగతి చూద్దాం. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మన పిల్లల ఐ-20ల్లో ఏటా చూస్తున్నదే. కాలేజీవాళ్లు తమ సిస్టమ్‌లో సరిచేసి కొత్తది ఇస్తారు. చాలాచోట్ల మెయిల్‌లోనే పంపేస్తారు, కొరియర్ కోసం ఆగక్కర్లేదు. అమెరికా ప్రభుత్వ రికార్డుల్లో విద్యార్థికి ఉండే సెవిస్ నంబరు మారదు, దానికి కట్టిన ఫీజూ పోదు. సీటుకు ఏమీ కాదు.

మీరు జతచేసిన మెయిల్ చదివాను. మొదటి పేరాలో కృతజ్ఞతలు, రెండో పేరాలో అమ్మాయి మార్కులు, మూడో పేరాలో మీరు తీసుకున్న బ్యాంకు లోను. ఐ-20 తప్పు నాలుగో పేరా చివర్లో వచ్చింది. ఇంటర్వ్యూ తేదీ ఐదో పేరాలో ఉంది, అదీ 14/07 అని. సబ్జెక్టులో ‘వినయపూర్వక విన్నపం’. జూన్, జూలైల్లో ఆ ఆఫీసుకు వచ్చే ప్రతి మెయిలూ ఎవరికో ఒకరికి అర్జెంటే. చదివేవాళ్లకు ఫోన్‌లో కనిపించేది సబ్జెక్టులోని నాలుగైదు మాటలు, కింద ఒక లైను. ఆ కాస్త చోటులో తేదీ లేకపోతే మెయిల్ రేపటికి వాయిదా పడుతుంది. అర్జెంట్ అన్న మాటకు తేదీ ఉండదు కాబట్టి అది ఎంత పెద్దగా రాసినా పని జరగదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఆ మెయిల్ మీ ఐడీ నుంచి వెళ్లింది. అక్కడి కాలేజీలు విద్యార్థి వివరాలు తండ్రితో కూడా మాట్లాడటానికి ఇష్టపడవు. పైగా డీన్‌తో సహా ఐదుగురికి పెట్టారు. ఐదుగురికి పెడితే మిగతా నలుగురిలో ఎవరో చూస్తారులే అనుకుంటారు. పని కావాల్సింది మీ అమ్మాయికి, చదువుకోవడానికి వెళ్లేది కూడా ఆమే. రాయనివ్వండి.

అప్లికేషన్‌లో ఇచ్చిన ఐడీ నుంచి, ఇంటర్నేషనల్ ఆఫీసు ఒక్కదానికే, అమ్మాయి పంపాల్సిన మెయిల్ ఇదీ. అర్థం కావాలని తెలుగులో ఇస్తున్నాను, ఆమె ఇంగ్లిష్‌లో రాసుకుంటుంది.

సబ్జెక్టు: జూలై 10లోగా ఐ-20లో పేరు సవరణ, జూలై 14న వీసా ఇంటర్వ్యూ, స్టూడెంట్ ఐడీ నంబరు

“నా ఐ-20లో పేరు, ఇంటిపేరు తారుమారయ్యాయి. పాస్‌పోర్టులో ఉన్నట్టు సరిచేసి, కొత్త ఐ-20ని జూలై 10 గురువారం మీ టైమ్ ప్రకారం సాయంత్రం 5 గంటలలోగా పంపగలరా? జూలై 14 సోమవారం నా వీసా ఇంటర్వ్యూ. అప్పటికి వీలుకాకపోతే 8వ తేదీలోగా చెప్పండి, ఇంటర్వ్యూ మార్చుకునే ప్రయత్నం చేస్తాను. పాస్‌పోర్టు పేజీ, ఇప్పుడున్న ఐ-20 జతచేశాను.”

దాని కింద రెండే లైన్లు: ఇప్పుడు ఎలా ఉంది, ఎలా ఉండాలి. కృతజ్ఞతలు చివర్లో ఒక్క మాట చాలు. లోను సంగతి వద్దే వద్దు.

నెలను అంకెల్లో రాయకూడదు. మనం 10/07 అని రాస్తే వాళ్లు అక్టోబర్ 7 అని చదువుకుంటారు, తొందరేముందిలే అనుకుంటారు. వీలుకాకపోతే చెప్పండి అన్న వాక్యం తీసేయకండి. పని కాకపోయినా జవాబు వచ్చేది దానివల్లే. 5 గంటలు అన్నది వాళ్ల సాయంత్రం, అంటే మనకు శుక్రవారం తెల్లవారుజామున 3:30.

పంపేముందు మీ ఇంట్లో ఈ గొడవ తెలియని వాళ్లెవరికైనా ఫోన్‌లో పది సెకన్లు చూపించి, ఏం కావాలట, ఎప్పటికట అని అడగండి. చెప్పలేకపోతే మళ్లీ కుదించాలి.

కోర్సు గురించి నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఈమధ్య అందరూ చేరుతున్నారు, నాకైతే నమ్మకం తక్కువ. నా దగ్గరకొచ్చే పిల్లల్లో ఆ కోర్సులు చేసినవాళ్లు ఇంకా పొడుగ్గా రాస్తున్నారు. ‘ఈ మెయిల్ మీకు క్షేమంగా అందిందని తలుస్తాను’ లాంటి తయారు వాక్యాలు బట్టీ పట్టిస్తారు, అవే అసలు విషయాన్ని కిందికి తోసేస్తున్నాయి. మీరు పంపిన మెయిల్ ఇంగ్లిష్‌లో తప్పుల్లేవు. చెప్పాల్సింది చివర్లో చెప్పారు, అంతే. దానికి డబ్బులు పోయక్కర్లేదు.

ఈ మెయిల్ ఈ రాత్రే వెళ్లాలి. పాత మెయిల్‌కు జోడించకుండా కొత్తగా పంపించండి, అది మీ ఐడీది కదా. ఇప్పుడు మనకు రాత్రి 8 అంటే టెక్సాస్‌లో ఉదయం 9:30, ఆఫీసు టైమే. రేపు జూలై 4, అమెరికాలో సెలవు. ఆపైన శని, ఆదివారాలు. ఈ రాత్రి దాటితే మళ్లీ సోమవారమే. మంగళవారానికీ జవాబు లేకపోతే అదే మెయిల్‌కు రిప్లై కొట్టి పైన ఒక్క లైను రాయమనండి, మన టైమ్ రాత్రి 8:30కి ఆఫీసుకు ఫోన్ చేయమనండి. మీరు పక్కన కూర్చోండి, ఫోన్ మాత్రం అందుకోకండి.