పీఆర్ మారుతోంది: సెకండ్ డిగ్రీనా, థర్డ్ డిగ్రీనా?

ప్రశ్న: "ఈసీజీలో పీఆర్ క్రమంగా పెరుగుతూ పోతే సెకండ్ డిగ్రీ హార్ట్ బ్లాక్ అని చదివాను. కానీ థర్డ్ డిగ్రీలో కూడా పీఆర్ మారుతూనే ఉంటుంది కదా? స్ట్రిప్ చేతిలో ఉన్నప్పుడు ఫస్ట్, సెకండ్, థర్డ్ డిగ్రీలను ఎలా వేరు చేయాలి?"

ముందు ఆర్-ఆర్ దూరం కొలవండి, ఆ తర్వాతే పీఆర్ జోలికి వెళ్లండి. ఈ వరస నాకు ఒక నైట్ డ్యూటీలో తప్పు చేశాక వంటబట్టింది.

కార్డియాక్ ఐసీయూలో అప్పటికి నేను కొత్త. కళ్లు తిరుగుతున్నాయని చేరిన పెద్దాయనకు మానిటర్ నుంచి 6 సెకన్ల స్ట్రిప్ తీశాను. నాలుగు క్యూఆర్ఎస్‌లు, ప్రతిదాని ముందూ ఒక పీ వేవ్ కనిపించాయి. పీఆర్ లెక్కపెడితే మొదటి బీట్‌లో 7 చిన్న గళ్లు, తర్వాత 9, 11, 13. మామూలు స్పీడులో చిన్న గడి అంటే 0.04 సెకన్, నార్మల్ పీఆర్ 3 నుంచి 5 గళ్లు. పెరుగుతూ పోతోంది కాబట్టి సెకండ్ డిగ్రీలోని "వెంకీబాక్" అని రాసేశాను. బీట్ ఎక్కడా మిస్ కాలేదే అన్న అనుమానం వచ్చింది గానీ, స్ట్రిప్ చిన్నది కదా, డ్రాప్ ఆ తర్వాత వచ్చి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను.

సీనియర్ సిస్టర్ ఆ స్ట్రిప్ చూసి, "టీ వేవ్‌లు నాలుగూ ఒకేలా ఉన్నాయా చూడమ్మా" అన్నారు. లేవు. మొదటి టీ తోక దగ్గర చిన్న గూను ఉంది. రెండోదానికి అదే గూను దిగే వాలులో, మూడోదానికి సరిగ్గా కొన మీద, నాలుగోదానికి ఎక్కే వాలులో ఉంది. ఆవిడ ఒక తెల్ల కాగితం అంచును స్ట్రిప్ మీద పెట్టి, పక్కపక్కనే కనిపిస్తున్న రెండు పీలకు పెన్సిల్‌తో గుర్తులు పెట్టారు. మధ్య దూరం 40 గళ్లు. ఆ రెండు గుర్తులూ కలిసేలా కాగితాన్ని మడిచి, విప్పి మళ్లీ పెడితే మడత సరిగ్గా టీ తోకలోని గూను మీద పడింది. అంటే అది కూడా పీ వేవే. నిజానికి పీలు ప్రతి 20 గళ్లకు ఒకటి వస్తున్నాయి, నిమిషానికి 75. సగం పీలు టీలలో దాక్కున్నాయి.

తర్వాత అదే కాగితంతో ఆర్-ఆర్ కొలిచాం. 42, 42, 42. నిమిషానికి దాదాపు 36. నా తప్పు తేలింది ఇక్కడే. వెంకీబాక్‌లో ఒక బీట్ డ్రాప్ అవుతుంది కాబట్టి అక్కడ ఆర్-ఆర్ సాగుతుంది, మిగతా చోట్ల తగ్గుతుంది. అది సమానంగా ఉండదు. ఇక్కడ పై గదులు తమ లెక్కలో, కింది గదులు తమ లెక్కలో కొట్టుకుంటున్నాయి. 42 అనేది 40 కంటే రెండు గళ్లు ఎక్కువ, అందుకే ప్రతి బీట్‌కూ "పీఆర్" రెండేసి గళ్లు జరుగుతూ వచ్చింది. ఆ పీకి, ఆ క్యూఆర్ఎస్‌కి అసలు సంబంధమే లేదు. అది థర్డ్ డిగ్రీ, కంప్లీట్ హార్ట్ బ్లాక్. క్యూఆర్ఎస్ కూడా 4 గళ్ల వెడల్పు ఉంది. అంత నెమ్మదిగా, అంత వెడల్పుగా వచ్చే ఎస్కేప్ రిథమ్ వెంట్రికిల్స్ నుంచి వచ్చేది, నమ్ముకోదగ్గది కాదు. అందుకే ఆవిడ నా చేతిలో కాగితం ఉండగానే డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశారు. ఆ రాత్రే టెంపరరీ పేసింగ్ పెట్టారు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తే, ఆర్-ఆర్ సమానంగా ఉండి పీఆర్ మారుతూ ఉంటే, పీలు క్యూఆర్ఎస్‌ల కంటే ఎక్కువగా ఉంటే, అది థర్డ్ డిగ్రీ. ఆర్-ఆర్ సమానంగా ఉండి, పీఆర్ 5 గళ్లు దాటినా మారకుండా ఉండి, ప్రతి పీకీ క్యూఆర్ఎస్ ఉంటే ఫస్ట్ డిగ్రీ. అక్కడ ఏ బీటూ పోదు, ఆలస్యం మాత్రమే.

మధ్యలో ఒక ఆర్-ఆర్ సాగి, ఆ ఖాళీలో ఒంటరి పీ ఉంటే సెకండ్ డిగ్రీ. ఆ పీ సమయానికే వచ్చిందా లేదా చూడండి. ముందుగా వచ్చి ఉంటే అది బ్లాక్ అయిన ఏట్రియల్ ఎక్టోపిక్ కావచ్చు. సమయానికే వచ్చి ఉంటే డ్రాప్‌కి ముందున్న పీఆర్‌నీ, తర్వాతి మొదటి పీఆర్‌నీ పోల్చండి. తర్వాతది స్పష్టంగా పొట్టిదైతే టైప్ వన్, అంటే వెంకీబాక్. రెండూ ఒకటే అయితే మోబిట్జ్ టైప్ టూ. ఇది ఏ క్షణానైనా కంప్లీట్ బ్లాక్‌గా మారవచ్చు, కాబట్టి వెంటనే డాక్టర్‌కి చెప్పాల్సిందే.

ఒక్క చోట మాత్రం ఈ కొలతలు తేల్చవు. ప్రతి రెండు పీలకు ఒక క్యూఆర్ఎస్ వస్తూ పీఆర్ మారకపోతే అది 2:1 బ్లాక్. ఒక పీ కిందికి వెళ్తే తర్వాతి పీ ఆగిపోతోంది కాబట్టి పీఆర్ పెరిగేదో కాదో చూసే అవకాశమే ఉండదు. అప్పుడు టైప్ వన్, టైప్ టూ అని ఊహించి రాయకుండా "2:1 ఏవీ బ్లాక్" అని రాసి, పొడవైన స్ట్రిప్ నడపండి. ఎక్కడో ఒక చోట 3:2గా మారితే అక్కడ రెండు పీఆర్‌లు పక్కపక్కనే దొరుకుతాయి.