టెక్ సందేహాలు: సమావేశంలో వినిపించిన అనారోగ్యం మాట సారాంశంలోకి రావాలా?

ప్రశ్న: మా వారపు సమావేశాన్ని గూగుల్ మీట్‌లో రికార్డు చేసి, సారాంశం రాసి, క్లయింట్ తరఫువారితో కలిపి పద్నాలుగు మందికి పంపడం నా పని. మొన్నటి సమావేశానికి రాలేకపోయిన మా టెస్టింగ్ లీడ్‌ గారికి డయాలసిస్ మొదలైందని మేనేజర్ చెప్పారు. దానిమీద ఏడెనిమిది నిమిషాలు మాటలు నడిచాయి. శుక్రవారం పనుల్లో మార్పులన్నీ ఆ కారణంతోనే జరిగాయి. సారాంశంలో ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సారాంశం రాయడానికి కూర్చునే ముందు ఆ సమావేశపు క్యాలెండర్ ఎంట్రీని ఒకసారి తెరిచి చూడండి. రికార్డింగ్‌, ట్రాన్‌స్క్రిప్ట్ ఫైళ్లు సాధారణంగా సమావేశం ఏర్పాటు చేసినవారి డ్రైవ్‌లో Meet Recordings అనే ఫోల్డర్‌లో చేరతాయి, వాటి లింకులు క్యాలెండర్ ఎంట్రీకి కూడా జతపడతాయి. రికార్డింగ్ నడుస్తుండగా చాట్‌లో ఎవరైనా ‘త్వరగా కోలుకోవాలి’ అని రాసి ఉంటే, ఆ చాట్ కూడా విడిగా ఒక ఫైలుగా అక్కడే ఉంటుంది. అందువల్ల మీరు సారాంశంలో ఎంత జాగ్రత్తపడినా, అదే మాట ఈ ఫైళ్ల ద్వారా క్లయింట్‌ దాకా ఇప్పటికే చేరి ఉండవచ్చు. ఒక్కో ఫైలులో Share నొక్కి ఎవరెవరి పేర్లున్నాయో చూసి, అవసరం లేనివారిని తీసేయమని ఫైలు యజమానిని అడగండి. క్యాలెండర్ నుంచి లింకును తొలగించినంత మాత్రాన ఇచ్చిన అనుమతి రద్దు కాదు, పేర్లను ఫైలులోనే తీసేయాలి.

ఇక సారాంశం విషయానికి వస్తే, ప్రతి వాక్యం దగ్గరా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది చదివినవారు ఏదైనా పనిని వేరుగా చేయాల్సి వస్తుందా? శుక్రవారం బిల్డ్‌కు ఆమోదం ఎవరిస్తారన్నది తెలియకపోతే పని ఆగిపోతుంది కాబట్టి అది ఉండాలి. ఆ మార్పు ఎందుకు వచ్చిందో తెలియకపోయినా ఎవరి పనీ ఆగదు కాబట్టి కారణం అక్కర్లేదు. మీ సమావేశంలో విన్నదాన్ని ఉన్నదున్నట్టు రాస్తే వాక్యం ఇలా వస్తుంది: ‘టెస్టింగ్ లీడ్‌కు డయాలసిస్ మొదలైనందున శుక్రవారం బిల్డ్ ఆమోదం ఇకపై సీనియర్ టెస్టర్ ఇస్తారు.’ చాలామంది ఇందులో ‘డయాలసిస్’ అన్న మాటను తీసి ‘అనారోగ్య కారణాల వల్ల’ అని పెట్టి ఊరుకుంటారు. అది సగం పని మాత్రమే. చాలా ఏళ్ల కిందట నేనూ ఒక సారాంశంలో ఇలాగే ‘ఆరోగ్య కారణాల దృష్ట్యా’ అని మర్యాదగా రాసి పంపాను. మర్నాడు మధ్యాహ్నానికల్లా ముగ్గురు ఫోన్ చేసి ‘ఏమైందండీ ఆయనకు?’ అని అడిగారు. రోగం పేరు చెప్పకపోయినా, రోగం ఉందని చెప్పేశాను కదా.

అందుచేత ఆ వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది: ‘ఈ శుక్రవారం నుంచి బిల్డ్ ఆమోదం సీనియర్ టెస్టర్ ఇస్తారు. తేలిన లోపాల జాబితాను సాయంత్రం 4 గంటలలోపు వారికి పంపాలి.’ ఇందులో మీ టెస్టింగ్ లీడ్ ఆవిడ ప్రస్తావనే లేదు, చేయాల్సిన పని మాత్రం పూర్తిగా ఉంది. అయితే ఒక చిక్కు ఉంది. మిగతా నిర్ణయాలన్నిటి పక్కనా కారణం రాసి, ఈ ఒక్కదాని పక్కన రాయకపోతే ఆ ఖాళీయే అందరి కంటా పడుతుంది. మిగిలిన అంశాల్లో కూడా అవసరం లేని కారణాలను తగ్గించి రాస్తే ఇది వాటిలో కలిసిపోతుంది.

కారణం కన్నా తేలిగ్గా బయటపడేవి రోజులు, వేళలు. ‘లీడ్ గారు మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం తర్వాత అందుబాటులో ఉండరు’ అన్న వాక్యంలో జబ్బు మాటే లేకపోయినా, వారానికి రెండుసార్లు అదే వేళకు వెళ్లడం ఏమిటో ఇంట్లో డయాలసిస్ చేయించుకునేవారు ఉన్న పాఠకుడు వెంటనే పోల్చుకుంటాడు. కాబట్టి వ్యక్తి వైపు నుంచి కాకుండా పని వైపు నుంచి రాయండి. ‘మంగళవారం సమీక్ష ఇకపై ఉదయం 10 గంటలకు’ అంటే అది అందరికీ వర్తించే మార్పుగానే కనిపిస్తుంది. అలాగే నిమిషాల లెక్క వేస్తూ సారాంశం రాసే అలవాటు మీకుంటే ఈసారికి మానండి. ‘18 నుంచి 26వ నిమిషం వరకు ఇతర చర్చ’ అని కనిపిస్తే, రికార్డింగ్ చూసే అనుమతి ఉన్నవారు నేరుగా అక్కడికే వెళ్తారు. ‘ఈ భాగం తొలగించబడింది’ అని రాయడం అంతకన్నా ప్రమాదం.

ఆ ఏడెనిమిది నిమిషాల్లో కిడ్నీ మార్పిడి అవసరమవుతుందేమోనన్న ఊహలు, ఆసుపత్రుల సలహాలు, చందా వేసుకుందామన్న ప్రతిపాదన వంటివి వచ్చి ఉంటే అవేవీ సారాంశంలోకి రాకూడదు. నోటిమాటగా పోయే ఊహ కాగితం మీదికి ఎక్కితే ఆఫీసు రికార్డు అవుతుంది. చందా విషయం ఆవిడ సరేనన్న తర్వాత, అది కూడా జట్టు లోపలివారికి మాత్రమే, వేరే సందేశంగా వెళ్లాలి. మన దేశంలో 2011 నాటి సమాచార సాంకేతిక నియమాలు శారీరక, మానసిక ఆరోగ్య స్థితిని, వైద్య రికార్డులను సున్నితమైన వ్యక్తిగత సమాచారం కింద చేర్చాయి. కాబట్టి మీ మేనేజర్‌తో మాట్లాడాల్సి వస్తే దీన్ని కేవలం మర్యాదకు సంబంధించిన విషయంగా వదిలేయనక్కర్లేదు.

రాయడం అయ్యాక, పంపే ముందు, ఆవిడకు సంబంధించిన ఆ రెండు మూడు వాక్యాలను ఆవిడకే పంపి ‘ఇలా రాస్తే మీకు సమ్మతమేనా అండీ?’ అని అడగండి. జట్టుకు చెప్పినా పర్వాలేదు, క్లయింట్‌కు వద్దు అని ఆవిడ అనవచ్చు. అప్పుడు రెండు వేర్వేరు ప్రతులు చేయాల్సి ఉంటుంది.

ఇక్కడే చాలామంది దొరికిపోతారు. మీరు గూగుల్ డాక్స్‌లో ట్రాన్‌స్క్రిప్ట్‌ను తెరిచి అందులోనే కత్తిరించుకుంటూ సారాంశం తయారుచేసి ఉంటే, చెరిపిన మాటలు ఎక్కడికీ పోవు. మార్పులు చేసే అనుమతి ఉన్న ఎవరైనా File మెనూలో Version history తెరిస్తే పాత ప్రతి అంతా కనిపిస్తుంది. పూర్తయిన సారాంశాన్ని Make a copy తో కొత్త ఫైలుగా చేసి, వ్యాఖ్యలను కాపీ చేయాలా అని అడిగే గడిని ఖాళీగా వదిలి, ఆ కొత్త ఫైలునే పంపండి. కొత్త ఫైలుకు పాత చరిత్ర రాదు. పీడీఎఫ్‌లో మాటల మీద నల్లగీత గీసి పంపడమూ నమ్మదగింది కాదు. చాలాసార్లు ఆ గీత కింద అక్షరాలు అలాగే ఉండి, ఎంచుకుని కాపీ చేస్తే వచ్చేస్తాయి.

అసలు రికార్డింగ్‌ను మాత్రం మీ అంతట మీరు తుడిచేయకండి. ‘ఇక ఆవిడ ఈ ప్రాజెక్టును మోయగలరా?’ వంటి మాట ఎవరైనా అని ఉంటే, అది సారాంశంలోకి రాకూడదు గానీ, రేపు ఆవిడే ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ రికార్డింగే సాక్ష్యం. దాన్ని ఎన్నాళ్లు, ఎవరి దగ్గర ఉంచాలన్నది సమావేశం ఏర్పాటు చేసినవారు, మానవ వనరుల విభాగం కలిసి తేల్చాల్సిన సంగతి. సమావేశానికి రానివారు రికార్డింగ్ చూడాలని అడిగితే, ఆ భాగాన్ని ఏదైనా వీడియో ఎడిటర్‌లో కత్తిరించిన వేరే ప్రతిని మాత్రమే ఇవ్వండి. కత్తిరించేటప్పుడు మేనేజర్ ఆ ప్రస్తావన ఎత్తుకున్న వాక్యం నుంచే మొదలుపెట్టండి. లేకపోతే ‘మీకందరికీ ఒక బాధాకరమైన విషయం చెప్పాలి’ అన్న మాట దగ్గర ఆగి, మరుక్షణం బిల్డ్ సంగతికి దూకే వీడియో వాళ్ల చేతికి వెళ్తుంది.