ఫోటోలో వచ్చిన లాజిస్టిక్ రిగ్రెషన్ పట్టిక: 1.347 అంటే ఎన్ని రెట్లు?

ప్రశ్న: కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో 160 మంది రైతులతో సర్వే చేశాను. పోయిన ఖరీఫ్‌లో వేరుశనగ మాని వేరే పంటకు మారారా లేదా అన్నది ప్రధాన ప్రశ్న. మా సార్ R లో లెక్క చేసి, కంప్యూటర్ తెరను ఫోటో తీసి పంపారు. లైటు వెలుగు పడి కొన్ని అంకెలు సరిగా కనిపించడం లేదు. నేను చదవగలిగినంత వరకు ఇలా ఉంది:

```
             Estimate  Std. Error  z value  Pr(>|z|)
(Intercept)   -1.642      0.731    -2.246    0.0247
acres          1.82       0.064     2.844    0.0045
borewellyes    1.347      0.462     2.916    0.0035
age            0.031      0.014    -2.214    0.0268
```

బోరు ఉన్నవాళ్లు మారే అవకాశం 1.347 రెట్లు ఎక్కువ అని రాయవచ్చా? వయసు పెరిగితే కూడా అవకాశం పెరుగుతుందా?

జవాబు:

అర్థం సంగతి తర్వాత, ముందు అంకెలను సరిచేసుకోండి. మీరు రాసిన నాలుగు వరుసల్లో రెండింటిని తప్పుగా చదివారు. ఆ సంగతి మీ పట్టికే చెబుతోంది. z value అన్నది వేరే ఎక్కడి నుంచో వచ్చిన అంకె కాదు, Estimate ను Std. Error తో భాగిస్తే వచ్చేదే. బోరు వరుసలో 1.347 ను 0.462 తో భాగిస్తే 2.916 వస్తుంది. పట్టికలోనూ అదే ఉంది కాబట్టి ఆ వరుస సరిగానే చదివారు. ఎకరాల వరుసలో 1.82 ను 0.064 తో భాగించి చూడండి, 28 దాటుతుంది. పట్టికలో ఉన్నది 2.844. పైగా మిగతా అంకెలన్నీ మూడు దశాంశాలతో ఉంటే 1.82 ఒక్కటే రెండుతో ఉంది కదా, అంటే చుక్క ఒక స్థానం జరిగింది అక్కడే. అసలు అంకె 0.182. వయసు వరుసలో పరిమాణం సరిపోయింది కానీ z ముందు మైనస్ ఉంది. Std. Error ఎప్పుడూ ధనాత్మకమే కాబట్టి ఆ మైనస్ Estimate నుంచే రావాలి. అది -0.031. వయసు పెరిగేకొద్దీ మారడం తగ్గుతుందన్నమాట. మీరు అనుకున్నదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. చివరి గడిలోని 0.0268 గుర్తు సంగతి చెప్పదు. z విలువ 2.214 అయినా -2.214 అయినా అక్కడ అదే అంకె వస్తుంది. z దగ్గరి మైనస్ కూడా వెలుగులో కొట్టుకుపోయి ఉంటే ఫోటోను ఎంత పెద్దది చేసి చూసినా లాభం లేదు. SPSS పట్టికలో చిక్కు ఇంకాస్త ఎక్కువ. అక్కడ z బదులు దాని వర్గమైన Wald ఉంటుంది, వర్గం చేస్తే మైనస్ పోతుంది. అయితే పక్కనే Exp(B) అనే గడి ఉంటుంది. అది 1 కంటే తక్కువ ఉంటే B ముందు మైనస్ ఉన్నట్టే.

ఇక మీ అసలు ప్రశ్న. 1.347 రెట్లు అని రాయకూడదు. ఆ అంకె రెట్లు కాదు, శాతమూ కాదు. అది ఆడ్స్ అనే నిష్పత్తికి తీసిన సహజ సంవర్గమానంలో కలిపే మొత్తం. ఆడ్స్ అంటే మారినవారిని మారనివారితో భాగించిన నిష్పత్తి. వందమంది రైతుల్లో 20 మంది మారి 80 మంది మారలేదనుకోండి. సంభావ్యత 0.20, ఆడ్స్ 20/80, అంటే 0.25. అదే 80 మంది మారితే సంభావ్యత 0.80, కానీ ఆడ్స్ 4. సంభావ్యత 1 దగ్గర ఆగిపోతుంది, ఆడ్స్‌కు పైహద్దు లేదు. తక్కువ అంకెల దగ్గర రెండూ ఒకేలా కనిపించి, పైకి వెళ్లేకొద్దీ విడిపోతాయి. పొరపాట్లన్నీ ఇక్కడే మొదలవుతాయి.

సంవర్గమానం నుంచి బయటికి రావాలంటే e ను ఆ ఘాతానికి హెచ్చించాలి. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే చాలా కాలిక్యులేటర్లలో దానికి మీట కనిపిస్తుంది. 1.347 కు 3.85 వస్తుంది. ఎకరాలూ వయసూ సమానంగా ఉన్న రైతుల్లో, బోరు ఉన్నవారి ఆడ్స్ బోరు లేనివారి ఆడ్స్‌కు 3.85 రెట్లు. మీ నివేదికలో రాయవలసిన వాక్యం ఇదే. బోరు వల్లే మారారని దీన్ని బట్టి రాయకండి, సర్వేలో రెండూ కలిసి కనిపించాయి, అంతవరకే. ఎకరాలకు 1.20 వస్తుంది, అంటే ఒక్కో ఎకరానికి ఆడ్స్ 20 శాతం పెరుగుతాయి. ఐదెకరాలు ఎక్కువుంటే 20 ని ఐదుసార్లు కూడి 100 శాతం అనకండి. ఇక్కడ కూడిక లేదు, గుణకారమే. 0.182 ను ఐదుతో గుణించి ఘాతం తీస్తే 2.48 రెట్లు అవుతుంది. వయసుకు ఏడాదికి 0.97. అది ఏమీ లేనట్టు కనిపిస్తుంది కానీ పదేళ్ల తేడాకు 0.73 అవుతుంది. వయసును ఏడాది లెక్కన కాక పదేళ్ల లెక్కన చెబితేనే చదివేవారికి బోధపడుతుంది.

3.85 ను రాయి మీద గీతలా కూడా చూపకండి. 1.347 కు ఇరువైపులా 1.96 × 0.462 తీసుకుని, వచ్చిన రెండు కొసలకూ ఘాతం తీస్తే 95 శాతం విశ్వాస అంతరం సుమారు 1.6 నుంచి 9.5 దాకా పోతుంది. 160 మందితో ఇంత వెడల్పు రావడం మామూలే. దాన్ని దాచకుండా పక్కనే రాయండి. మీ సార్ దగ్గర ఈ నమూనా పేరు m అయితే ఈ ఒక్క వరుసతో అన్నీ ఒకేసారి వస్తాయి:

```
exp(cbind(OR = coef(m), confint.default(m)))
```

ఇప్పుడు చిక్కంతా "అవకాశం" అన్న మాటతోనే. తెలుగులో ఆడ్స్‌నూ సంభావ్యతనూ మనం ఆ ఒక్క మాటతోనే నడిపిస్తాం. "మారే అవకాశం 3.85 రెట్లు" అని రాస్తే చదివేవారు సంభావ్యత అనే అనుకుంటారు. అది ఎంత తప్పో ఇద్దరు రైతులతో లెక్కవేసి చూద్దాం.

మొదటి రైతుకు 50 ఏళ్లు, ఐదెకరాలు, బోరు లేదు. మొదట -1.642. దానికి 0.182 × 5, అంటే 0.91 కలపాలి. తర్వాత 0.031 × 50, అంటే 1.55 తీసేయాలి. మొత్తం -2.282. దీని ఘాతం 0.102, ఇదే ఆయన ఆడ్స్. ఆడ్స్‌ను 1 + ఆడ్స్‌తో భాగిస్తే సంభావ్యత వస్తుంది. 0.102 ను 1.102 తో భాగిస్తే 0.093, సుమారు 9 శాతం. అదే రైతుకు బోరు ఉంటే మొత్తం -0.935 అవుతుంది, ఆడ్స్ 0.393, సంభావ్యత 28 శాతం. 9 నుంచి 28 కి అంటే మూడు రెట్లు, 3.85 కాదు.

రెండో రైతుకు 35 ఏళ్లు, పదిహేనెకరాలు. బోరు లేకపోతే మొత్తం దాదాపు సున్నా, సంభావ్యత 50 శాతం. బోరు ఉంటే మొత్తం 1.35, ఆడ్స్ 3.86, సంభావ్యత 79 శాతం. ఇక్కడ ఒకటిన్నర రెట్లు దాటి కొద్దిగా, అంతే. ఆడ్స్ నిష్పత్తి ఇద్దరికీ అదే 3.85. ఒకరికి 19 పాయింట్లు పెరిగితే, ఇంకొకరికి 29 పెరిగాయి. అందుకే బోరు వల్ల సంభావ్యత ఎంత పెరుగుతుందని ఎవరైనా అడిగితే, ఏ రైతుకు అని తిరిగి అడగాలి. మీ నివేదికలో ఇలాంటి ఇద్దరు ముగ్గురు రైతులను తీసుకుని చిన్న పట్టిక వేయండి. మీరు సర్వే చేసిన పల్లెల్లో నిజంగా కనిపించే వయసులూ ఎకరాలూ వాడండి. (Intercept) కు విడిగా అర్థం చెప్పబోకండి. అది సున్నా ఏళ్ల వయసూ సున్నా ఎకరాలూ ఉన్న రైతు లెక్క.

ఇంత చేసినా ఫోటోలో కనిపించనిది ఒకటి మిగులుతుంది. నా అనుభవం చెబుతాను, ఎందుకంటే నా పదిహేను రోజుల పని దీనివల్లే తలకిందులైంది. అనంతపురంలో నా మొదటి సర్వేలో రైతులు చెప్పిన జవాబులను ఇంగ్లీషు అక్షరాల్లోనే avunu, kaadu అని ఎక్కించాను. R లో ఆ గడిని factor() తో వర్గాలుగా మార్చి, ఈ లెక్క చేసే glm కు ఇచ్చాను. R అక్షర క్రమంలో మొదటిదాన్ని ఆధారంగా, రెండోదాన్ని "జరిగింది"గా తీసుకుంటుంది. a ముందు, k తర్వాత. అంటే నమూనా లెక్కవేసింది "కాదు" అనే జవాబు సంభావ్యతను. గుర్తులన్నీ తిరగబడ్డాయి. పెద్ద రైతులు మారడం లేదనీ, ముసలివాళ్లే మారుతున్నారనీ పదిహేను రోజులు కూర్చుని కారణాలు కూడా రాశాను. ఊళ్లో ఒక రైతుకు చదివి వినిపిస్తే, "మా ఊళ్లో అట్లా లేదే" అన్నాడు. ఆయన మాట పట్టుకుని వెనక్కి వెళ్లి చూస్తే అసలు సంగతి బయటపడింది.

మీ పట్టికలో borewellyes అని ఉంది కాబట్టి బోరు విషయంలో ఏది 1 అన్నది పేరులోనే తెలుస్తోంది. కానీ మారడం, మారకపోవడంలో ఏది 1 అన్నది ఈ నాలుగు వరుసల్లో ఎక్కడా ఉండదు. సార్‌ను ఆ గడికి levels() అడిగి చూడమనండి. yes, no అని ఎక్కించి ఉంటే n ముందు వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు.

సార్ అందుబాటులో లేకపోయినా, మీ ఎక్సెల్ షీటు మీ దగ్గర ఉంటే మీరే తేల్చుకోవచ్చు. ఎకరాలు B లో, బోరు C లో (ఉంటే 1, లేకపోతే 0), వయసు D లో ఉన్నాయనుకుంటే, పక్క గడిలో ఇది రాసి కిందిదాకా లాగండి:

```
=1/(1+EXP(-(-1.642+0.182*B2+1.347*C2-0.031*D2)))
```

తర్వాత ఆ నిలువు వరుస సగటు తీయండి. లాజిస్టిక్ నమూనాలో (Intercept) ఉన్నప్పుడు, అంచనా సంభావ్యతల సగటు మీ సర్వేలో "జరిగింది" అన్నవారి వంతుకు సమానం కావాలి. ఇది ఆ గణితంలోనే ఉన్న లక్షణం, మూడో దశాంశం దగ్గర వచ్చే చిన్న తేడా అంకెలను కుదించడం వల్ల వచ్చేది. ఆ సగటు మారినవారి వంతుకు సరిపోతే గుర్తులూ చుక్కలూ 1 అనుకున్న జవాబూ దాదాపు సరిగా ఉన్నట్టే అనుకోవచ్చు. మారనివారి వంతుకు సరిపోతే నాకు జరిగిందే మీకూ జరిగింది. మారినవారూ మారనివారూ దాదాపు సగం సగం ఉంటే మాత్రం ఈ పరీక్ష ఆ రెండింటినీ విడదీయలేదు, అప్పుడు సార్‌నే అడగాలి. రెండిటికీ దూరంగా వస్తే ఏదో అంకె ఇంకా తప్పుగా చదివారు. లేదా జవాబులు ఖాళీగా ఉన్న రైతులను R వదిలేసింది. అలా వదిలేస్తే పట్టిక కింద "observations deleted due to missingness" అనే వరుస ఉంటుంది. మీ ఫోటోలో అడుగుభాగం తెగిపోయి ఉండవచ్చు. సార్‌ను మళ్లీ అడిగేటప్పుడు ఫోటో కాకుండా summary(m) అక్షరాలను అలాగే కాపీ చేసి, చివరి వరుస దాకా పంపమనండి.