సరిహద్దు కాల్పులకు ఎదురుదాడి చేసే హక్కు ఉంటుందా?

ప్రశ్న: పొరుగు దేశపు గస్తీ దళం హద్దు దాటి వచ్చి కాల్పులు జరిపింది, కొందరు సైనికులు చనిపోయారు. పై నుంచి ఆదేశం లేదని ఆ దేశం అంటే బాధ్యత తప్పుతుందా? బాధిత దేశం ఆత్మరక్షణ పేరుతో ఎదురుదాడి చేయవచ్చా?

జవాబు: మొదటి దానికి సమాధానం చిన్నది: తప్పదు. ఐక్యరాజ్య సమితికి చెందిన అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2001లో రూపొందించిన రాజ్య బాధ్యతా సూత్రాల్లోని 7వ అధికరణం ప్రకారం, సైనికుడు సైనికుడి హోదాలో చేసిన పని, అతడు ఆదేశాలను మీరి చేసినా, రాజ్యం చేసిన పనే అవుతుంది.

రెండోది అంత సులభం కాదు. న్యాయశాస్త్ర విద్యార్థిగా ఒక మూట్ కోర్టు పోటీలో, ఐక్యరాజ్య సమితి చార్టర్ 2(4) అధికరణం ఉల్లంఘన జరిగింది కనుక 51వ అధికరణం కింద ఆత్మరక్షణ హక్కు దానంతటదే పుడుతుందని నేను వాదించాను. న్యాయమూర్తి స్థానంలో ఉన్న ఆచార్యులు, “ఈ రెండు అధికరణాల్లో ఉన్నది ఒకే మాటా?” అని అడిగితే సమాధానం తోచలేదు. ఐక్యరాజ్య సమితి చార్టర్‌లో మొదటిది బలప్రయోగాన్ని నిషేధిస్తుండగా, రెండోది సాయుధ దాడి జరిగినప్పుడే ఆత్మరక్షణను అనుమతిస్తుంది. ప్రతి బలప్రయోగమూ సాయుధ దాడి కాదని, కేవలం సరిహద్దు ఘటన వేరని, అంతర్జాతీయ న్యాయస్థానం 1986లో నికరాగువా కేసులో చెప్పింది.

ఈ తేడా నాకు నిజంగా బోధపడింది, రెండు దేశాల యుద్ధ నష్టాల దావాలను విచారించిన ఎరిత్రియా–ఇథియోపియా క్లెయిమ్స్ కమిషన్ 2005 డిసెంబరు తీర్పు చదివాకే. 1998 మే 6, 7 తేదీల్లో బద్మే సమీపంలో ఇరు దేశాల చిన్న దళాల మధ్య ఘర్షణలు జరిగాయి. మే 12న ఎరిత్రియా కనీసం రెండు బ్రిగేడ్ల సైన్యంతో, ట్యాంకులు, ఫిరంగుల అండతో, అప్పటికి ఇథియోపియా శాంతియుత పాలనలో ఉన్న బద్మే పట్టణంపై దాడి చేసి, అది ఆత్మరక్షణేనని వాదించింది. చిన్న పదాతి దళాల మధ్య జరిగే స్థానిక ఘర్షణలు, ప్రాణనష్టం జరిగినా సరే, సాయుధ దాడి కావని కమిషన్ ఆ వాదనను తోసిపుచ్చింది. 51వ అధికరణం కోరినట్లు భద్రతా మండలికి ఎరిత్రియా నివేదించలేదని కూడా గుర్తుచేసింది. బద్మే ఎరిత్రియాదేనని వేరొక సరిహద్దు కమిషన్ 2002లోనే తేల్చినా, ఆ భూమి తనదన్న నమ్మకంతో బలప్రయోగానికి దిగడం చెల్లదని నిర్ణయించి, ఎరిత్రియాను నష్టపరిహారానికి బాధ్యురాలిని చేసింది. నేలపై హక్కు ఉన్న దేశమే బలప్రయోగం విషయంలో దోషిగా నిలిచిందన్న ఈ సంగతి దగ్గర విద్యార్థులను నేను ఎక్కువసేపు ఆపుతాను.

మీరు చెప్పిన ఘటనలో బాధిత దేశం పొరుగు దేశాన్ని బాధ్యురాలిగా నిలబెట్టి, ఉల్లంఘన ఆపమనీ, మళ్లీ జరగదన్న హామీ ఇవ్వమనీ, పరిహారం చెల్లించమనీ కోరవచ్చు. ఒప్పందపు బాధ్యతలు కొన్నింటిని తాత్కాలికంగా నిలిపివేసే ప్రతిచర్యలూ తీసుకోవచ్చు, కానీ పైన చెప్పిన రాజ్య బాధ్యతా సూత్రాల్లోని 50వ అధికరణం ప్రకారం వాటిలో బలప్రయోగం ఉండకూడదు. ఎంత చిన్న బలప్రయోగానికైనా ఆత్మరక్షణ హక్కు ఉందని అమెరికా వాదిస్తూ వస్తోంది. ఆ వాదనను ఒప్పుకుంటే గస్తీ దళాల మధ్య జరిగిన ప్రతి కాల్పులూ యుద్ధానికి సాకు అవుతాయి కాబట్టి నేను కమిషన్ వైపే నిలుస్తాను. దాడిలో ఎన్ని దళాలు, ఏ ఆయుధాలు, ఎంత లోపలికి వచ్చాయన్నది మీరు రాయలేదు. మీ కేసులో నిర్ణయం చివరకు ఆ వివరాల మీదే ఆధారపడుతుంది.